ఆండ్రాయిడ్ ఫోన్‌కి వేరే యాంటీవైరస్ యాప్ కావాలా?

మొన్న మా పిన్ని తన ఫోన్ నా చేతిలో పెట్టి, "చూడరా, రోజూ వైరస్ వచ్చిందని చెప్తోంది, టెన్షన్‌గా ఉంది" అంది. నిజంగానే గంటకోసారి పైనుంచి ఒక నోటిఫికేషన్ జారుతోంది. మీ ఫోన్‌లో 13 వైరస్‌లు ఉన్నాయి, వెంటనే శుభ్రం చేయండి అని దాని సారాంశం. భయపడి ఆమె ఒక యాంటీవైరస్ యాప్ వేసుకుంది. అది చాలలేదేమోనని ఇంకొకటి కూడా వేసింది. రెండూ స్కాన్ చేసి అంతా బాగుందన్నాయి. నోటిఫికేషన్లు మాత్రం ఆగలేదు.

అసలు ఇలాంటి ఫోన్‌కి వేరే యాంటీవైరస్ కావాలా అని ఆమె అడిగింది. అవునని గాని, కాదని గాని ఒక్క మాటలో చెప్పేయవచ్చు. కానీ ఆ జవాబు ఎందుకో అర్థం కావాలంటే, ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఒక యాంటీవైరస్ యాప్‌కి ఏం కనిపిస్తుందో, ఏం కనిపించదో ముందు తెలియాలి. చాలామంది కంప్యూటర్‌లో చూసిన యాంటీవైరస్‌నే ఇక్కడా ఊహించుకుంటారు. ఇక్కడ పరిస్థితి చాలా వేరు.

## ఫోన్‌లో 'వైరస్' అని దేన్ని అంటున్నాం

అసలు అర్థంలో వైరస్ అంటే తనంతట తాను ఇతర ఫైళ్లలోకి దూరి, వాటితో పాటు వ్యాపించే ప్రోగ్రామ్. ఆండ్రాయిడ్‌లో అలాంటివి దాదాపు ఎదురుపడవు. ఇక్కడ మామూలుగా వచ్చేది మాల్‌వేర్, అంటే హాని చేయడానికే రాసిన యాప్. అది చాలాసార్లు ట్రోజన్ రూపంలో వస్తుంది. పైకి పీడీఎఫ్ రీడర్‌లా, పార్సిల్ ట్రాకర్‌లా, లోను ఇచ్చే యాప్‌లా ఉంటుంది, లోపల వేరే పని చేస్తుంది.

ఈ తేడా పట్టుకోవడం ముఖ్యం. ట్రోజన్ దానంతట అది ఫోన్‌లోకి రాదు. ఎవరో ఒకరు దాన్ని ఇన్‌స్టాల్ చేయాలి, ఆ తర్వాత దానికి కొన్ని అనుమతులు ఇవ్వాలి. ఆ ఎవరో దాదాపు ఎప్పుడూ ఫోన్ యజమానే. కాబట్టి ఆండ్రాయిడ్‌లో రక్షణ అంతా రెండు క్షణాల చుట్టూ తిరుగుతుంది. ఒకటి ఇన్‌స్టాల్ చేసే క్షణం, రెండోది అనుమతి ఇచ్చే క్షణం.

యజమాని ప్రమేయం లేకుండా దూరేవి కూడా ఉన్నాయి. అవి ఆండ్రాయిడ్‌లోని లోపాలను వాడుకుంటాయి. వాటి సంగతి కొంచెం తర్వాత చూద్దాం.

## ఒక్కో యాప్‌కి ఒక్కో గది

ఆండ్రాయిడ్ లోపల ఉన్నది లైనక్స్. లైనక్స్‌లో ఒకే కంప్యూటర్‌ని పదిమంది వాడుకున్నా, ఒకరి ఫైళ్లు ఇంకొకరు చూడకుండా వినియోగదారులను విడివిడిగా ఉంచే ఏర్పాటు ఉంది. ఆండ్రాయిడ్ ఆ ఏర్పాటును మనుషులకు కాకుండా యాప్‌లకు వాడింది. ఇన్‌స్టాల్ అయిన ప్రతి యాప్‌కీ ఒక ప్రత్యేక సంఖ్య ఇస్తుంది, వేరే వినియోగదారుగా లెక్కవేస్తుంది. ఆ యాప్ డేటా దాని సొంత ఫోల్డర్‌లో ఉంటుంది. పక్క యాప్ దాని తలుపు తీయలేదు. దీన్నే శాండ్‌బాక్స్ అంటారు. తాళం వేసిన గది అనుకుంటే సరిపోతుంది.

మీ బ్యాంకు యాప్ ఒక గదిలో, మెసేజింగ్ యాప్ ఒక గదిలో, మీరు నిన్న వేసుకున్న ఆట ఇంకో గదిలో ఉన్నాయి. గది దాటి కెమెరా, కాంటాక్టులు, ఎస్‌ఎమ్‌ఎస్‌ల వంటివి కావాలంటే అనుమతి అడగాలి. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి ఈ అనుమతులను వాడే సమయంలో ఒక్కొక్కటిగా అడిగే పద్ధతి మొదలైంది.

ఇప్పుడు అసలు విషయం. మీరు వేసుకునే యాంటీవైరస్ కూడా ఒక యాప్. దానికీ ఒక గదే.

కంప్యూటర్‌లో యాంటీవైరస్ ఆపరేటింగ్ సిస్టమ్ లోతుల్లో కూర్చుంటుంది. ప్రతి ఫైలు తెరుచుకునే ముందు చూస్తుంది, మెమరీని వెతుకుతుంది, నచ్చని ప్రోగ్రామ్‌ని తనే ఆపేస్తుంది. ఆండ్రాయిడ్‌లో దానికి ఆ హోదా లేదు. ఇంటి మొత్తానికీ తాళంచెవులున్న కాపలాదారు కాదు, తన గదిలోంచి వరండాని చూసే అద్దెదారు.

ఆ వరండాలో దానికి ఏం కనిపిస్తుంది? ఏ యాప్‌లు ఇన్‌స్టాల్ అయి ఉన్నాయో కనిపిస్తుంది. ఒక్కో యాప్ ఏ అనుమతులు కోరిందో కనిపిస్తుంది. ఆ యాప్ వచ్చిన ఇన్‌స్టాలేషన్ ఫైలును, అంటే ఏపీకేని, చదవగలదు. కొత్త యాప్ ఇన్‌స్టాల్ కాగానే సిస్టమ్ నుంచి కబురు అందుతుంది. అప్పుడు ఆ ఏపీకే వేలిముద్ర లాంటి ఒక సంకేతాన్ని లెక్కగట్టి, తన కంపెనీ సర్వర్‌లోని జాబితాతో పోల్చి చూస్తుంది. అనుమతి ఇస్తే డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌ని కూడా వెతుకుతుంది.

కనిపించనిది చాలానే ఉంది. ఒక యాప్ ఇన్‌స్టాల్ అయ్యాక ఇంటర్నెట్ నుంచి కొత్త కోడ్ తెచ్చుకుని తన గదిలో దాచుకుంటే, యాంటీవైరస్ అక్కడికి తొంగి చూడలేదు. ఆ యాప్ ఈ క్షణంలో ఏం చేస్తోందో దాని మెమరీలో చూడలేదు. చెడ్డ యాప్ అని తేల్చుకున్నా తనంతట తాను తీసేయలేదు. సిస్టమ్‌లోని అన్‌ఇన్‌స్టాల్ పెట్టెను మీ ముందుకు తెచ్చి, నొక్కమని అడగడం వరకే దాని చేతిలో ఉంది.

ఇది యాంటీవైరస్ కంపెనీల చేతకానితనం కాదు. ఏ యాప్‌కీ మిగతా యాప్‌ల మీద అధికారం ఉండకూడదని ఆండ్రాయిడ్ పెట్టుకున్న నియమం. మాల్‌వేర్‌ని గదిలో బంధించేదీ ఆ గోడే, యాంటీవైరస్‌ని బంధించేదీ ఆ గోడే.

## ముందే ఉన్న కాపలా

గూగుల్ సేవలున్న ఫోన్లలో ప్లే ప్రొటెక్ట్ అనే స్కానర్ ముందే ఉంటుంది. 2012లో ఆండ్రాయిడ్ 4.2తో యాప్‌లను సరిచూసే ఏర్పాటుగా మొదలై, 2017లో ఈ పేరు తెచ్చుకుంది. ఇది గూగుల్ ప్లే సర్వీసెస్‌లో భాగం కాబట్టి వేరే యాప్‌లకు లేని అధికారం దీనికి ఉంది. యాప్ ఇన్‌స్టాల్ కావడానికి ముందే చూసి ఆపగలదు. ఇన్‌స్టాల్ అయిన వాటిని రోజూ సరిచూస్తుంది. మరీ ప్రమాదకరమైన దాన్ని పనిచేయకుండా ఆపగలదు, కొన్నిసార్లు తనే తీసేయగలదు. ప్లే స్టోర్ నుంచి వచ్చిన వాటినే కాదు, బయటి నుంచి వచ్చిన వాటినీ చూస్తుంది.

2023 అక్టోబరులో దీనికి ఒక పెద్ద మార్పు ప్రకటించారు. ఎప్పుడూ చూడని యాప్‌ని బయటి నుంచి ఇన్‌స్టాల్ చేయబోతే, దాని కోడ్ వివరాలను అప్పటికప్పుడు సర్వర్‌కి పంపి పరిశీలించే ఏర్పాటు అది. పాత జాబితాతో పోల్చడం ఒక్కటే అయితే, నిన్న రాత్రి తయారైన మాల్‌వేర్ జాబితాలో ఉండదు కదా.

దీనికీ హద్దులున్నాయి. హెచ్చరిక వచ్చినా కొన్నిసార్లు "అయినా సరే ఇన్‌స్టాల్ చేయి" అనే దారి ఉంటుంది. ఎవరైనా మాటల్లో పెట్టి సెట్టింగ్స్‌లో దీన్ని ఆఫ్ చేయించవచ్చు. మోసగాళ్లు ఫోన్ లైన్‌లో ఉంచి ఇదే చేయిస్తున్నారని గమనించి, కాల్ నడుస్తుండగా ప్లే ప్రొటెక్ట్‌ని ఆఫ్ చేయనివ్వని కట్టడిని గూగుల్ తెచ్చింది. ఇక గూగుల్ సేవలే లేని ఫోన్లలో ప్లే ప్రొటెక్ట్ అసలు ఉండదు.

మీ ఫోన్‌లో ఇది పనిచేస్తోందో లేదో చూడటానికి నిమిషం చాలు. ప్లే స్టోర్‌లో మీ ప్రొఫైల్ బొమ్మ నొక్కి Play Protect తెరవండి. అక్కడి గేర్ గుర్తులో Scan apps with Play Protect ఆన్‌లో ఉండాలి. దాని కిందే Improve harmful app detection అని ఇంకో స్విచ్ ఉంటుంది. తెలియని యాప్‌లను పరిశీలనకు పంపేది అదే.

## ఒక నకిలీ పార్సిల్ యాప్ వెంట నడిచి చూద్దాం

ఇదంతా నిజంగా ఎలా జరుగుతుందో ఒక ఉదాహరణతో చూస్తే, ఏ రక్షణ ఎక్కడ పనికొస్తుందో తేలుతుంది. ఇది ఊహించిన ఉదాహరణే, కానీ ఇందులోని ప్రతి అడుగూ బ్యాంకింగ్ ట్రోజన్లు నిజంగా వేసే అడుగే.

ఒక ఎస్‌ఎమ్‌ఎస్ వచ్చింది. మీ పార్సిల్ చిరునామా తప్పుగా ఉంది, ఈ లింక్‌లో సరిచేయండి అని. లింక్ నొక్కగానే బ్రౌజర్‌లో ఒక పేజీ తెరుచుకుంది. ఇక్కడ మొదటి కాపలా బ్రౌజర్‌దే. క్రోమ్‌లోని సేఫ్ బ్రౌజింగ్ తనకు తెలిసిన మోసపు సైట్లను ఎర్ర పేజీ చూపించి ఆపుతుంది. మోసగాళ్లకు ఈ సంగతి తెలుసు కాబట్టి ఎప్పటికప్పుడు కొత్త సైట్లు పెడతారు. మంచి యాంటీవైరస్ యాప్‌లో లింకులను వడకట్టే ఏర్పాటు ఉంటే, అది సాయపడే చోటు ఇదే. గూగుల్ జాబితాలోకి ఇంకా ఎక్కని సైటు ఈ కంపెనీ జాబితాలో ఉండొచ్చు. ఉండకపోనూవచ్చు.

పేజీలో ట్రాకింగ్ యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి అని ఉంది. నొక్కితే ఏపీకే దిగింది. దాన్ని తెరిస్తే, ఈ బ్రౌజర్‌కి తెలియని యాప్‌లు ఇన్‌స్టాల్ చేసే అనుమతి లేదని ఆండ్రాయిడ్ చెప్పింది. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8కి ముందు ఫోన్ మొత్తానికీ ఒకటే స్విచ్ ఉండేది. ఒకసారి ఆన్ చేస్తే ఎక్కడి నుంచైనా ఏదైనా వచ్చేది. ఇప్పుడు ఈ అనుమతిని ఏ యాప్‌కి ఆ యాప్‌కి విడిగా ఇవ్వాలి, స్క్రీన్‌ మీద దాని పేరు Install unknown apps. మన ఉదాహరణలోని మనిషి పార్సిల్ హడావుడిలో ఇచ్చేశాడు.

తర్వాత ప్లే ప్రొటెక్ట్ చూసింది. ఈ యాప్ అంతకుముందు ఎక్కడైనా పట్టుబడి ఉంటే కథ ఇక్కడే ముగిసేది. ఈసారి దాటిపోయిందనుకుందాం. ఎందుకంటే ఈ మొదటి యాప్‌లో నిజానికి మాల్‌వేర్ లేదు. ఇది డ్రాపర్, అంటే అసలు సరుకును తర్వాత మోసుకొచ్చే బండి. ఇన్‌స్టాల్ అయిన మరుక్షణం యాంటీవైరస్ యాప్‌కి కూడా కబురు అందుతుంది, అది కూడా ఏపీకే చదువుతుంది. ఖాళీ బండిలో దానికి దొరికేదీ తక్కువే.

డ్రాపర్ తెరవగానే "కొత్త వెర్షన్ వచ్చింది, అప్‌డేట్ చేయండి" అంది. సరే అనగానే రెండో యాప్‌ని ఇన్‌స్టాల్ చేసింది. అసలు ట్రోజన్ అదే. ఇక్కడ ప్లే ప్రొటెక్ట్‌కి రెండో అవకాశం, యాంటీవైరస్‌కి కూడా రెండో అవకాశం. ఈ ట్రోజన్ ఎవరి జాబితాలో ముందు చేరిందన్నదాన్ని బట్టి ఇద్దరిలో ఒకరు పట్టుకోవచ్చు. రెండో కన్ను పనికొస్తుందనే వాదనకు నిజమైన బలం ఈ చోటులోనే ఉంది.

ఎవరూ పట్టుకోలేదు. ట్రోజన్ తెరుచుకుని, పార్సిల్ వివరాలు కనిపించాలంటే యాక్సెసిబిలిటీ సేవ ఆన్ చేయండి అని అడిగింది.

ఇక్కడ కాసేపు ఆగాలి. యాక్సెసిబిలిటీ అనేది చూపు లేనివారికి, చేతులు సరిగా కదలనివారికి ఫోన్ వాడుకునేందుకు పెట్టిన సదుపాయం. తెర మీది అక్షరాలను చదివి వినిపించాలంటే, యాప్‌కి తెర మీదున్నదంతా కనిపించాలి. మనిషి బదులు బటన్ నొక్కాలంటే, నొక్కే అధికారం ఉండాలి. ఇంత మంచి ఉద్దేశంతో ఇచ్చిన అధికారాన్నే ట్రోజన్లు కోరుకుంటాయి. ఎందుకంటే ఆండ్రాయిడ్ కట్టిన గోడల్లో ఇది చాలా పెద్ద కిటికీ. పక్క గదిలోకి వెళ్లకపోయినా, తెర మీదకు వచ్చిన ప్రతిదీ ఈ కిటికీలోంచి కనిపిస్తుంది.

అందుకే 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13లో ఒక అడ్డుగోడ పెట్టారు. బయటి నుంచి ఫైలుగా వచ్చిన యాప్‌కి యాక్సెసిబిలిటీ ఇవ్వబోతే ఆ స్విచ్ పనిచేయదు, ఇది Restricted setting అని చెప్తుంది. అయితే యాప్ స్టోర్ల ద్వారా వచ్చే యాప్‌లకు ఈ అడ్డు పెట్టలేదు. దాన్ని కనిపెట్టి కొన్ని డ్రాపర్లు, స్టోర్లు వాడే ఇన్‌స్టాల్ పద్ధతినే అనుకరించడం మొదలుపెట్టాయి. మన కథలో "అప్‌డేట్" పేరుతో రెండో యాప్‌ని తెచ్చిన నాటకం అందుకే. తర్వాతి వెర్షన్లలో ఆండ్రాయిడ్ ఈ సందును ఇంకా బిగిస్తూ వస్తోంది.

స్విచ్ ఆన్ అయింది. ఇక ఆ తర్వాత జరిగేది సెకన్ల పని. ట్రోజన్ తనకు కావలసిన ఎస్‌ఎమ్‌ఎస్ అనుమతిని తనే అడిగి, Allow బటన్‌ని తనే నొక్కుకుంది. బ్యాంకు యాప్ తెరవగానే దాని మీద అచ్చం అలాంటి లాగిన్ పేజీని పరిచి పాస్‌వర్డ్ తీసుకుంది. ఓటీపీ వచ్చిన ఎస్‌ఎమ్‌ఎస్ చదివేసింది. అనుమానం వచ్చి యజమాని సెట్టింగ్స్‌లోకి వెళ్లి Uninstall నొక్కబోతే, తనే బ్యాక్ బటన్ నొక్కి వెనక్కి లాగేసింది.

ఈ దశలో యాంటీవైరస్ యాప్ మేల్కొని "ప్రమాదకరమైన యాప్ దొరికింది, తీసేయండి" అన్నా ఏం జరుగుతుంది? అది తెచ్చేది కూడా అదే అన్‌ఇన్‌స్టాల్ పెట్టె. ట్రోజన్ దాన్ని కూడా మూసేయగలదు. ఈ కథలో కాపలా దాదాపు అంతా యాక్సెసిబిలిటీ స్విచ్‌కి ముందే జరగాలి.

## వేరే యాప్ కావాలనేవారి మాట, వద్దనేవారి మాట

కావాలనేవారు చెప్పేది కొట్టిపారేయలేం. ఒక్క కంపెనీ జాబితా మీదే ఆధారపడటం కంటే ఇద్దరి జాబితాలు మేలు. ప్లే స్టోర్‌లోకి కూడా మాల్‌వేర్ దూరిన సందర్భాలున్నాయి. జోకర్ అనే రకం యాప్‌లు యజమానికి తెలియకుండా డబ్బు కట్టే సేవలకు సభ్యత్వం చేయించేవి. 2020 జనవరి నాటికి ఈ కుటుంబానికి చెందిన 1,700 యాప్‌లను తీసేశామని గూగులే చెప్పింది. పైగా ఎస్‌ఎమ్‌ఎస్‌లలో, మెసేజింగ్ యాప్‌లలో వచ్చే మోసపు లింకులను వడకట్టే పని ప్లే ప్రొటెక్ట్‌ది కాదు. మోసాల్లో చాలా వాటికి యాప్ కూడా అక్కర్లేదు, ఒక నకిలీ లాగిన్ పేజీ చాలు.

పరీక్షా సంస్థల అంకెలు కూడా వీరికి కొంతకాలం బలంగా ఉన్నాయి. ఏవీ-టెస్ట్ అనే సంస్థ 2021లో ప్రకటించిన ఒక పరీక్షలో 20,000 హానికర యాప్‌లను చూపిస్తే, ప్లే ప్రొటెక్ట్ దాదాపు మూడింట రెండు వంతులే పట్టుకుంది. మంచి యాంటీవైరస్‌లు కొన్ని దాదాపు అన్నిటినీ పట్టుకున్నాయి. ఆ తర్వాతి ఏళ్లలో ప్లే ప్రొటెక్ట్ ఫలితాలు బాగా మెరుగుపడ్డాయి. ఆ తేడా ఇప్పుడు అంత పెద్దది కాదు.

వద్దనేవారి వాదన యాంటీవైరస్ అడిగే అనుమతుల దగ్గర మొదలవుతుంది. లింకులను వడకట్టాలంటే బ్రౌజర్‌లో మీరు ఏ చిరునామాకి వెళ్తున్నారో ఆ యాప్‌కి తెలియాలి. అందుకు అది యాక్సెసిబిలిటీ అడుగుతుంది, లేదా మీ ఇంటర్నెట్ అంతా తన గుండా పోయేలా వీపీఎన్ అనుమతి అడుగుతుంది. మెసేజ్‌లలో లింకులు చూడాలంటే నోటిఫికేషన్లు చదివే అనుమతి కావాలి. ట్రోజన్ కోరుకునే తాళంచెవులే ఇవి. నమ్మకమైన కంపెనీకి ఇవ్వడంలో తప్పులేదు, కానీ ఆ నమ్మకం ఉచితంగా రాదు. అవాస్ట్ కథ గుర్తుచేసుకోవాలి. ఆ సంస్థ తన యాంటీవైరస్, బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ల ద్వారా సేకరించిన బ్రౌజింగ్ వివరాలను జంప్‌షాట్ అనే అనుబంధ సంస్థ ద్వారా అమ్మిందన్న ఆరోపణ మీద, అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024లో 1.65 కోట్ల డాలర్లు కట్టించి, ప్రకటనల కోసం అలాంటి వివరాలు అమ్మడాన్ని నిషేధించింది.

నాకు రెండు వాదనలూ నిజమే అనిపిస్తాయి, కానీ వాటి బరువు సమానం కాదు. రెండో స్కానర్ లాభం చిన్నది, కొన్ని సందర్భాలకే పరిమితం. లింకుల వడపోత లాభం కొంచెం పెద్దది, కానీ దానికి చెల్లించే మూల్యం పెద్ద అనుమతులు. ప్లే స్టోర్ తప్ప బయటి నుంచి ఏమీ వేసుకోనివారికి, అప్‌డేట్లు వస్తున్న ఫోన్ ఉన్నవారికి ఈ లెక్క వద్దనే వైపే మొగ్గుతుంది. ఇంటర్నెట్‌లో దొరికే బయటి ఏపీకేలలో ప్లే స్టోర్‌తో పోలిస్తే 50 రెట్లకు పైగా మాల్‌వేర్ కనిపిస్తోందని గూగుల్ చెప్పుకుంది. తన స్టోర్ గురించి తనే చెప్పిన మాట కాబట్టి ఆ అంకెను కొంచెం తగ్గించుకుని చూసినా, తేడా ఎటువైపుందో తెలుస్తుంది.

## యాంటీవైరస్ పేరు పెట్టుకున్నవన్నీ యాంటీవైరస్‌లు కావు

ఈ చర్చ అంతా నిజంగా పనిచేసే యాంటీవైరస్‌ల గురించి. కానీ స్టోర్‌లో వెతికితే వచ్చేవాటిలో చాలా వాటికి ఆ పేరు చెల్లదు.

ఏవీ-కంపారెటివ్స్ అనే పరీక్షా సంస్థ 2019లో 250 ఆండ్రాయిడ్ యాంటీవైరస్ యాప్‌లను తీసుకుని, ఒక్కోదాని ముందు 2,000 మాల్‌వేర్‌లను పెట్టింది. మంచి యాప్‌లను తప్పుగా పట్టుకోకుండా, కనీసం 30 శాతం మాల్‌వేర్‌ని గుర్తించినవి 80 మాత్రమే. మిగతా వాటిలో కొన్ని ఎలా పనిచేస్తున్నాయో చూస్తే బాధ కలుగుతుంది. అవి యాప్ లోపల ఏముందో చూడటం లేదు. దాని ప్యాకేజీ పేరు తమ మంచి జాబితాలో ఉందా లేదా అని మాత్రమే చూస్తున్నాయి. ఆ జాబితాలో పేరు `com.adobe.` అని మొదలైతే చాలు, ఏ యాప్ అయినా మంచిదే. మాల్‌వేర్ రాసేవాడు తన యాప్‌కి ఆ పేరు పెట్టుకుంటే దారి సులభం. జాబితాలో లేనిదంతా చెడ్డదే కాబట్టి, తమ పేరు చేర్చుకోవడం మరిచిపోయిన కొన్ని తమనే మాల్‌వేర్‌గా చూపించాయి.

ఇంతకంటే ఘోరమైనవీ ఉన్నాయి. 2014లో వైరస్ షీల్డ్ అనే డబ్బు కట్టి కొనే యాప్ ప్లే స్టోర్‌లో 10,000 మందికి పైగా కొన్నారు. దాన్ని విప్పి చూస్తే, నొక్కినప్పుడు బొమ్మలోని ఇంటూ గుర్తును టిక్కు గుర్తుగా మార్చడం తప్ప అది ఏమీ చేయడం లేదు. 2022లో షార్క్‌బాట్ అనే బ్యాంకింగ్ ట్రోజన్ ప్లే స్టోర్‌లోకి యాంటీవైరస్ వేషంలోనే వచ్చింది. ఎంచుకున్న వేషం తెలివైనదే. యాంటీవైరస్ యాక్సెసిబిలిటీ అడిగితే ఎవరికీ అనుమానం రాదు కదా.

వెబ్ పేజీ చూపించే స్కాన్ ఇంకో రకం మోసం. తెర మీద గడియారం తిరుగుతుంది, ఫోన్ వణుకుతుంది, ఇన్ని వైరస్‌లు దొరికాయంటుంది. ఒక వెబ్ పేజీకి మీ ఫోన్‌లోని యాప్‌లను స్కాన్ చేసే దారే లేదు. అది చూపించే అంకె ముందే రాసిపెట్టుకున్నది.

## పాత ఫోన్ల విషయం

అప్‌డేట్లు ఆగిపోయిన ఫోన్ ఉంది, కనీసం యాంటీవైరస్ వేస్తే కాపాడుతుందా అని చాలామంది అడుగుతారు. ఇందాక వాయిదా వేసిన లోపాల సంగతి ఇక్కడ వస్తుంది.

2015లో బయటపడిన స్టేజ్‌ఫ్రైట్ లోపం దీనికి మంచి ఉదాహరణ. ఆండ్రాయిడ్‌లో వీడియోలను చదివే భాగంలో తప్పు ఉంది. దాన్ని వాడుకునేలా తయారు చేసిన ఒక ఎంఎంఎస్ వస్తే, యజమాని ఏమీ నొక్కకుండానే ఫోన్‌లోకి దూరే వీలుండేది. ఇక్కడ యాప్ ఇన్‌స్టాల్ కాలేదు, అనుమతీ అడగలేదు. తప్పున్నది సిస్టమ్ లోపల. గదిలోని అద్దెదారు ఇంటి పునాదిలో పగులును పూడ్చలేడు. దాన్ని పూడ్చేది సెక్యూరిటీ అప్‌డేట్ ఒక్కటే. ఆ సంఘటన తర్వాతే, అదే ఏడాది ఆగస్టు నుంచి, నెలనెలా సెక్యూరిటీ అప్‌డేట్లు ఇచ్చే పద్ధతిని గూగుల్ మొదలుపెట్టింది.

కాబట్టి పాత ఫోన్‌లో యాంటీవైరస్ చెడ్డ యాప్‌లను గుర్తించడంలో సాయపడుతుంది, లోపాలను మాత్రం మూయలేదు. ప్లే ప్రొటెక్ట్ ఆ ఫోన్‌లోనూ పనిచేస్తూనే ఉంటుంది, ఎందుకంటే అది ప్లే సర్వీసెస్‌తో పాటు అప్‌డేట్ అవుతుంది. మీ ఫోన్‌కి చివరి అప్‌డేట్ ఎప్పుడు వచ్చిందో సెట్టింగ్స్‌లో Security update అనే చోట తేదీతో ఉంటుంది. ఆ తేదీ ఏళ్ల కిందటిదైతే, ఆ ఫోన్‌లో బ్యాంకు పనులు పెట్టుకోకపోవడమే యాంటీవైరస్ కంటే ఎక్కువ కాపాడుతుంది.

మరి వేరే యాప్ ఎవరికి పనికొస్తుంది? గూగుల్ సేవలు లేని ఫోన్ వాడేవారికి తప్పక పనికొస్తుంది, వారికి ప్లే ప్రొటెక్ట్ లేదు కాబట్టి. పని అవసరం కొద్దీ తరచూ బయటి ఏపీకేలు వేసుకునేవారికి రెండో కన్ను ఉండటం మంచిదే. వచ్చిన ప్రతి లింకూ నొక్కే పెద్దవాళ్ల ఫోన్‌లో, పేరున్న పరీక్షల్లో ఏళ్ల తరబడి నిలిచిన సంస్థ యాప్‌ని లింకుల వడపోత కోసం పెట్టడంలో అర్థముంది. ఒక్కటే చాలు. రెండు పెడితే రక్షణ రెట్టింపు కాదు, రెండూ ఒకే పని చేస్తూ బ్యాటరీని పంచుకుంటాయి. ఆండ్రాయిడ్ 16 ఉన్న ఫోన్లలో అయితే Advanced Protection అనే స్విచ్ ఒకటి వచ్చింది. అది ఆన్ చేస్తే తెలియని చోట్ల నుంచి యాప్‌లు ఇన్‌స్టాల్ కాకుండా అడ్డుపడుతుంది. మన పార్సిల్ కథ రెండో అడుగులోనే ఆగిపోతుంది.

## ఇప్పటికే దూరిందనిపిస్తే

అన్‌ఇన్‌స్టాల్ చేయబోతే పేజీ దానంతటదే మూసుకుపోవడం, ఇన్‌స్టాల్ చేసిన యాప్ గుర్తు మాయమవడం, ప్లే ప్రొటెక్ట్ దానంతటదే ఆఫ్ అయి ఉండటం, మీరు ఆన్ చేయని పేరు యాక్సెసిబిలిటీ జాబితాలో కనిపించడం, ఇవి నిజమైన సూచనలు. ఫోన్ వేడెక్కడం, నెమ్మదించడం వంటివి వంద కారణాల వల్ల జరుగుతాయి.

అప్పుడు ముందు ఇంటర్నెట్ ఆపాలి. తర్వాత ఫోన్‌ని సేఫ్ మోడ్‌లో తెరవాలి. చాలా ఫోన్లలో పవర్ మెనూలోని Power off ని అలాగే కాసేపు నొక్కి పట్టుకుంటే ఆ దారి వస్తుంది. సేఫ్ మోడ్‌లో మనం వేసుకున్న యాప్‌లేవీ పనిచేయవు, కాబట్టి ట్రోజన్‌కి బ్యాక్ బటన్ నొక్కే చేయి ఉండదు. అక్కడ యాక్సెసిబిలిటీలో, ఆ తర్వాత ఫోన్ మీద ప్రత్యేక అధికారం పొందిన డివైస్ అడ్మిన్ యాప్‌ల జాబితాలో దాని పేరును ఆఫ్ చేసి, యాప్‌ని తీసేయాలి. ఈ పని నడుస్తుండగానే ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకి చెప్పి, పాస్‌వర్డ్‌లు మార్చాలి. తీసింది సరిగ్గా పోయిందో లేదో అనుమానం మిగిలితే ఫ్యాక్టరీ రీసెట్ చేయడమే.

మా పిన్ని ఫోన్‌లో వీటిలో ఏదీ లేదు. యాక్సెసిబిలిటీ జాబితా ఖాళీ, తెలియని యాప్ ఒక్కటీ లేదు. ఆ నోటిఫికేషన్‌ని నొక్కకుండా వేలితో అలాగే అదిమి పట్టుకుంటే, దాన్ని పంపుతున్నది ఎవరో కింద కనిపించింది. క్రోమ్, దాని పక్కన ఎప్పుడో ఏదో చూడబోయి తెరిచిన ఒక సైటు పేరు. ఆ సైటు అడిగినప్పుడు ఆమె Allow నొక్కింది, అప్పటి నుంచి ప్రకటనలను వైరస్ హెచ్చరికల రూపంలో పంపుతోంది. యాప్ లేదు కాబట్టి రెండు యాంటీవైరస్‌లకూ దొరకలేదు. క్రోమ్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్ల కింద ఆ సైటును ఆపేసి, ఆ రెండు యాప్‌లనూ తీసేశాను. "ఇంతేనా?" అంది పిన్ని. ఇంతే పిన్నీ అన్నాను. రెండు వారాలైంది, మళ్లీ రాలేదు.